‘మంచి స్థితి’ అన్న రెండు మాటలు: లాప్‌టాప్, ఫోన్ అప్పగింత ఫారం మీద ఒక కేస్ స్టడీ

మాది శ్రీకాకుళంలో ఆఫీసు పెట్టుకుని నడిచే చిన్న రుణ సంస్థ. టెక్కలి, పలాస, నరసన్నపేట, పాతపట్నం, రాజాంలలో శాఖలున్నాయి. అందరినీ లెక్కేసినా 60 మంది దాటం. శాఖలో అకౌంటెంటుకి లాప్‌టాప్ ఇస్తాం, వసూళ్లకి తిరిగేవాళ్లకి ఫోన్ ఇస్తాం, కొందరికి రెండూ ఇస్తాం. అడ్మిన్ పని నాది. మనిషి మానేసినప్పుడు జీతం లెక్క కూడా తిరిగి తిరిగి నా బల్ల మీదకే వస్తుంది.

2023 దాకా మా అప్పగింత ఫారం అర పేజీ ఉండేది. పేరు, శాఖ, ‘లాప్‌టాప్ – 1, ఫోన్ – 1’, స్థితి అన్న గడిలో ‘గుడ్’, కింద సంతకం. సంతకం పైన చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం: ఏ నష్టం వచ్చినా పూర్తి మొత్తం జీతంలోంచి కోసుకోవచ్చని. ఆ వాక్యం మాకు పెద్ద కంచె అనుకునేవాళ్లం. టెక్కలి శాఖలో పని చేసిన ఒక కుర్రాడు మానేసినప్పుడు అది కంచె కాదని, పేపరు మీద గీసిన గీత అని తేలింది.

అతని ఆఖరి రోజు జూన్ 3. ఆ సాయంత్రం లాప్‌టాప్ బ్యాగు, ఫోన్ శాఖ మేనేజరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. రసీదు అడగలేదు, మేనేజరూ ఇవ్వలేదు. బ్యాగు బీరువా పక్కన నేల మీద ఉండిపోయింది. శ్రీకాకుళం వచ్చే జీపులో పాత ఫైళ్ల కట్టలతో కలిపి పంపితే 12వ తేదీన నా దగ్గరికి చేరింది. తెరిచి చూస్తే తెర ఎడమ మూల నుంచి సాలెగూడులా పగులు. మూత మడత దగ్గర ప్లాస్టిక్ విరిగి ఉంది. ఛార్జరు మా కంపెనీది కాదు, ఏదో లోకల్ రకం. ఫోన్ ఆన్ చేస్తే పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోయింది.

నేను లెక్క వేశాను. తెరకి ₹7,800, మడత బందుకి ₹3,200, ఛార్జరుకి ₹1,900, పనికిరాని ఫోన్‌కి కొన్న ధర ₹13,500. మొత్తం ₹26,400. అతని ఆఖరి నెల జీతం ₹19,800. జీతం మొత్తం ఆపేసి, ‘ఇంకా ₹6,600 కట్టాలి’ అని ఉత్తరం పంపాం. ఆ ఉత్తరం మీద సంతకం నాదే. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ ఆ రోజు చాలా న్యాయంగా చేశాననే అనుకున్నాను.

అతను ముందు ఫోన్ చేశాడు. “అదేటి సార్, నాకిచ్చినప్పుడే ఆ మడత కాడ పగిలున్నాది. మూత గట్టిగా తియ్యకూడదని పాతాయనే సెప్పాడు,” అన్నాడు. నేను ఫారం చదివి వినిపించాను: ‘గుడ్’ అని ఉంది, కింద నీ సంతకం ఉంది. అతను ఇంకేం మాట్లాడలేదు. పదిహేను రోజులకి కార్మిక శాఖ నుంచి పిలుపొచ్చింది.

అక్కడ మమ్మల్ని ఎవరూ గద్దించలేదు. అధికారి ఫారం చూసి మామూలుగా మూడు ప్రశ్నలు వేశారు. తెర ఏ రోజు పగిలిందో చెప్పగలరా? కోత వేసేముందు అతని సమాధానం రాతపూర్వకంగా అడిగారా? నెల జీతంలో సగం మించి ఎలా కోశారు? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. జూన్ 3కీ 12కీ మధ్య ఆ బ్యాగు మేనేజరు గదిలో ఉంది, జీపులో ఉంది, మా గుమాస్తా చేతిలో ఉంది. ఫైళ్ల కట్ట బరువుకి తెర పగిలి ఉండొచ్చని నాకే అనుమానం. మడత సంగతి వాకబు చేస్తే, ఆ లాప్‌టాప్ అంతకుముందు 14 నెలలు వేరే అతను వాడినది. ఆ పాతాయన నరసన్నపేట శాఖలోనే ఉన్నాడు. “అవునండి, మడత దగ్గర పగిలింది నా టైములోనే. చెప్పాను కదా,” అన్నాడు. ఎవరికి చెప్పాడో ఎక్కడా లేదు.

ఇక ఫోన్. అతన్ని పిలిపిస్తే టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, పది నిమిషాల్లో తెరిచి ఇచ్చేశాడు. ₹13,500 రాసేసిన ఫోన్ బస్సు ఛార్జీతో బతికొచ్చింది. జీతం మొత్తం ఇచ్చేశాం. ఛార్జరు ₹1,900 కూడా వదిలేశాం, ఎందుకంటే ఏ ఛార్జరు ఇచ్చామో మా ఫారంలో లేదు.

ఇక్కడ చట్టం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఫారంలోని ప్రతి గడీ దాని చుట్టూనే తిరుగుతుంది. అప్పట్లో వర్తించింది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. నెలకి ₹24,000 లోపు జీతగాళ్లకి అది వర్తించేది. వస్తువు పాడైతే జీతంలో కోయడానికి అది ఒప్పుకుంటుంది. కానీ ఆ వస్తువు ఫలానా మనిషికి స్పష్టంగా అప్పగించినదై ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసే ముందు అతని సంజాయిషీ వినాలి. కోత అసలు నష్టాన్ని మించకూడదు. అన్ని కోతలూ కలిపి మామూలుగా జీతంలో సగం దాటకూడదు. ‘ఎంతైనా కోసుకోండి’ అని ముందే సంతకం పెట్టించుకున్నా ఉద్యోగి హక్కు పోదు, అలాంటి ఒప్పందం చెల్లదు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ వచ్చింది. కోతల షరతులు దాదాపు అవే. ఇప్పుడు ₹24,000 గీత లేదు, ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. మాలాంటివాళ్లకి పెద్ద తేడా ఇంకొకటి: మనిషి రాజీనామా చేసి వెళ్లినా సరే, రావాల్సిన జీతం రెండు పనిరోజుల్లో ఇచ్చేయాలి. అదివరకు ఆ గడువు యాజమాన్యం తీసేసినవాళ్లకే ఉండేది.

అంటే అప్పగింత ఫారం పని వస్తువులు లెక్కపెట్టడం కాదు. ‘ఇది నీ చేతికి ఇలా ఇచ్చాం, నీ చేతి నుంచి ఇలా తీసుకున్నాం’ అని రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టగలగాలి. మధ్యలో జరిగింది నిర్లక్ష్యమా కాదా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే కాగితం.

కొత్త ఫారం రాయడానికి కూర్చున్నప్పుడు ఎక్కువ రోజులు పట్టింది స్థితి గడికే. ‘గుడ్’, ‘ఫెయిర్’, ‘పూర్’ అని మూడు పెట్టెలు పెట్టమన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. ఒకే లాప్‌టాప్‌ని నేను గుడ్ అంటాను, నరసన్నపేట మేనేజరు ఫెయిర్ అంటాడు. ఇచ్చినప్పుడు ఒకరు, తీసుకునేటప్పుడు ఇంకొకరు చూస్తే ఆ తేడా ఉద్యోగి నెత్తిన పడుతుంది. అందుకని దెబ్బలకి పేర్లు పెట్టాం, అదీ అందరూ ఇళ్లలో వాడే మాటలతోనే. వేలిగోరు అడ్డంగా లాగితే గోరు తట్టుకోకపోతే అది గీత. గోరు తట్టుకుంటే అది గాటు. లోపలికి నొక్కుకుపోతే సొట్ట. విడిపోతే పగులు. చిన్న ముక్క ఊడిపోతే పెచ్చు. ఈ అయిదు మాటలూ, వాటి అర్థాలూ ఫారం వెనక అచ్చేయించాం. ‘మూత మీద కుడి పక్క రెండు గీతలు, ఎడమ మూల ఒక సొట్ట’ అని రాస్తే ఏ శాఖలో ఎవరు చూసినా అదే రాస్తారు. గోరు పరీక్ష మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు కూడా అడక్కుండానే గోరు పెడతారు.

రెండో మార్పు: స్థితి రాసేది ఇచ్చేవాడు కాదు, పుచ్చుకునేవాడు. నేను పెన్ను అతని చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. తన చేత్తో తన మాటల్లో, తెలుగులోనే రాయాలి. దీంతో రెండు లాభాలున్నాయి. చదవకుండా సంతకం పెట్టానని తరవాత అనలేడు. పైగా చూపించుకోవడానికి అతనికి ఆసక్తి ఉంటుంది కాబట్టి నాకు కనపడని దెబ్బలు కూడా అతనికి కనపడతాయి. తిరిగిచ్చే రోజు దీనికి తలకిందులు: రాసేది మేం, ఎదురుగా కూర్చుని చూసుకునేది అతను. ఒప్పుకోని చోట ‘ఒప్పుకోను’ అని రాసుకోవడానికి పక్కనే ఖాళీ గడి ఉంటుంది. ఆ ఖాళీ గడి పెట్టడానికి మా డైరెక్టరుగారిని ఒప్పించడం ఫారం మొత్తం రాయడం కంటే కష్టమైంది.

మూడోది 48 గంటల గడువు. బల్ల మీద పెట్టి చూస్తే కనపడనివి కొన్ని ఉంటాయి. ఒక కీ రెండుసార్లు కొడితే గానీ పడదు, ఫోన్ స్పీకరు గరగరలాడుతుంది, ఛార్జింగు వైరు ఒక పక్కకి వంచితేనే ఎక్కుతుంది. అందుకే రెండు రోజులు వాడి చూసి, లోపముంటే అడ్మిన్ నంబరుకి మెసేజ్ పెట్టమంటాం. ఆ మెసేజ్ ప్రింటు తీసి ఫారానికి పిన్ను కొడతాం.

ఫోటోల సంగతి చాలామంది చేసేదే, కానీ మేం పడ్డ ఇబ్బంది ఒకటి చెప్పాలి. మొదట్లో తీసిన ఫోటోలు ఏ లాప్‌టాప్‌వో మూడు నెలలకి మాకే తెలియలేదు, అన్నీ ఒకే మోడలు మరి. ఇప్పుడు ప్రతి ఫోటోలోనూ ఫారం నంబరు, తేదీ రాసిన చీటీ కనపడాలి. తెర ఫోటో తీసేటప్పుడు తెల్లటి పేజీ తెరిచి వెలుతురు పూర్తిగా పెంచాలి. ఆపేసి ఉన్న నల్లటి తెర మీద సన్న పగులు కనపడదు, వెలగకుండా చచ్చిన చుక్కలు అసలే కనపడవు. ఫోన్‌కి ముందూ వెనకా నాలుగు అంచులూ, ఆ తరవాత `*#06#` కొడితే వచ్చే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు తెర. ఐఎంఈఐ 15 అంకెలు, రెండు సిమ్ములున్న ఫోన్‌కి రెండుంటాయి. రెండూ రాయాలి. డబ్బా మీద చూసి రాయకూడదు. డబ్బాలు తారుమారవుతాయి, మాకు రెండుసార్లు అయ్యాయి.

లాప్‌టాప్ కింద ఉండే స్టిక్కరు కూడా నమ్మకం కాదు. వేడికి, చెమటకి రెండో ఏడాదికల్లా అక్షరాలు చెరిగిపోతాయి. సీరియల్ నంబరు లోపలి నుంచే తీస్తాం. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ రెండు వరసలూ కొడితే సరిపోతుంది:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
powercfg /batteryreport
```

రెండోది బ్యాటరీ నివేదికని ఒక పేజీగా దాచి, ఎక్కడ దాచిందో చూపిస్తుంది. అందులో `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY` అన్న రెండు అంకెలు ఫారంలో రాస్తాం. మొదటిది కొత్తప్పటి శక్తి, రెండోది ఇప్పుడు నిండగలిగేది. ఉదాహరణకి మొదటిది 41,000, రెండోది 29,900 ఉంటే బ్యాటరీ 73 శాతానికి వచ్చిందన్న మాట. ఇది డబ్బు వసూలు కోసం కాదు. బ్యాటరీ తగ్గడం వాడకం అరుగుదల, దానికి ఎవరినీ అడగం. కానీ తరవాత పుచ్చుకునే మనిషికి ఈ అంకె తెలియాలి, లేకపోతే ‘గంటకే ఆరిపోతోంది’ అన్న నింద అతని మీదకి వస్తుంది.

ఏది అరుగుదల, ఏది నష్టం అన్నది కూడా ఫారం వెనకే తేల్చేశాం. కీల మీద అక్షరాలు చెరగడం, గీతలు, బ్యాటరీ తగ్గడం, రబ్బరు కాళ్లు ఊడడం అరుగుదల. గాటు, సొట్ట, పగులు, తడి ఇవి విచారించాల్సినవి, వెంటనే కోయాల్సినవి కావు. ఇంకా ఉబ్బిన బ్యాటరీ ఒకటి. వేసవిలో మా శాఖల్లో ఇది మామూలే. టచ్‌ప్యాడ్ గట్టిపడి నొక్కుకోకపోయినా, అడుగు భాగం బల్ల మీద ఆనకుండా ఊగినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. ఛార్జింగు ఆపి, నొక్కకుండా, అదే రోజు చెప్పాలి. చెప్పినవాళ్లని ఒక్క రూపాయి అడగం. ఈ మాట ఫారంలో పెద్ద అక్షరాల్లో ఉంది, ఎందుకంటే డబ్బు కోస్తారన్న భయంతో ఉబ్బిన లాప్‌టాప్‌ని పాతపట్నంలో ఒకాయన నెల రోజులు వాడాడు.

సముద్రానికి దగ్గర ఊళ్లు తిరిగేవాళ్ల ఫోన్లలో ఛార్జింగు రంధ్రం దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. ఉప్పుగాలికి అది సహజం. దాన్ని చూసి ‘నీళ్లలో పడేశావా’ అని అడిగిన మేనేజరు మాకున్నాడు. దాన్నీ అరుగుదల వరసలోనే చేర్చాం.

ఫోన్ ఖాతా గొడవకి మందు, ఫోన్ ఇచ్చే రోజే ఉంది. ముందు మేం ఫోన్ ఇచ్చేవాళ్లం, ఖాతా అతను తనది పెట్టుకునేవాడు. మానేసేటప్పుడు ‘శుభ్రంగా చెరిపేసి ఇవ్వు’ అనేవాళ్లం. అతను పక్క బటన్లు నొక్కి పట్టుకుని చెరిపేసేవాడు. అలా చెరిపితే ఫోన్ దొంగతనమైందేమోనని ఆండ్రాయిడ్ పాత ఖాతా అడుగుతుంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా తీసేసి, అక్కడి నుంచే రీసెట్ చేస్తే అడగదు. ఇప్పుడు ఫోన్ ఇచ్చేటప్పుడే సంస్థ ఖాతా పెట్టి ఇస్తాం. తిరిగిచ్చే రోజు రీసెట్ మా ఎదురుగా చేయాలి. రీసెట్ అయ్యాక ఫోన్ మళ్లీ మొదలై, ఏ ఖాతా అడగకుండా హోమ్ తెర వచ్చేదాకా రసీదు మీద సంతకం పెట్టం. ఇంట్లో చెరిపి తెచ్చినది పుచ్చుకోం. లాప్‌టాప్‌కి కూడా ఇలాంటిదే ఒకటి ఉంది: లోపలి సమాచారానికి విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం. ఉద్యోగి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచి ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల నంబరు అతని ఖాతాలోకే వెళ్లి ఉండొచ్చు. అందుకే ఇచ్చే రోజే ఆ అంకెలు తీసి, సీల్ వేసిన కవరులో మా బీరువాలో పెడతాం.

కొత్త పద్ధతి ఎలా నడుస్తుందో పలాస కేసులో చూపిస్తాను. వేతనాల కోడ్ వచ్చాక జరిగినది. అక్కడి అకౌంటెంటు, ఇద్దరు పిల్లల తల్లి, పెళ్లయిన ఊరికి మారిపోతూ నెల ముందు రాజీనామా ఇచ్చారు. ఆఖరి పనిరోజు శుక్రవారం. శనివారం మాకు పనిరోజే. అంటే సోమవారం సాయంత్రంలోగా ఆమె ఖాతాలో జీతం పడాలి. ఆ రెండు రోజుల్లో వస్తువు చూసి, సంజాయిషీ అడిగి, అంచనా తెప్పించి, నిర్ణయం తీసుకోవడం కుదరదు. కాబట్టి ముందు వారం బుధవారమే నేను పలాస వెళ్లాను. వస్తువులు ఆమె దగ్గరే ఉంచి, ఉన్నది ఉన్నట్టు చూసి రాశాను. శుక్రవారం నాడు బుధవారం తరవాత కొత్తగా వచ్చినవి మాత్రమే చూడాలి.

లాప్‌టాప్ ఆమెకి కొత్తదే ఇచ్చాం, ₹54,000, వాడి 20 నెలలైంది. ఫోన్ రెండేళ్లది. ఇచ్చిన రోజు ఫోటోలు పక్కన పెట్టుకుని చూస్తే రెండు తేడాలు దొరికాయి. ఫోన్ తెర కింది మూల పగులు. లాప్‌టాప్ కీబోర్డులో కుడి పక్క ఆరు కీలు పడడం లేదు, కీల కింద ఎండిన టీ మరక.

“ఫోన్ కాశీబుగ్గలో బస్సు ఎక్కుతుంటే పడిపోయిందండి. ఆ రోజే మెసేజ్ పెట్టాను కదా,” అన్నారావిడ.

పెట్టారు. తేదీ, సమయంతో సహా ఫారానికి పిన్ను కొట్టి ఉంది. ఆ రోజు ఆమె బ్యాంకు పని మీదే వెళ్లారు. ఆ మోడలుకి కవరు కొనివ్వమని శాఖ అడిగితే మేమే కొనివ్వలేదు. ఇది నిర్లక్ష్యం కాదు. ఫోన్ సంగతి అక్కడితో మూసేశాం.

లాప్‌టాప్ అలా కాదు. దాని గురించి ఎక్కడా చెప్పలేదు. బుధవారమే ఒక పేజీ సంజాయిషీ నోటీసు ఇచ్చాను: ఏం కనపడింది, ఇచ్చిన రోజు ఎలా ఉంది, శనివారంలోగా మీ మాట రాసివ్వండి. ఆమె మర్నాడే రాసిచ్చారు. రాత్రి ఇంట్లో లెక్కలు చూస్తుంటే పక్కన పెట్టిన టీ గ్లాసు చిన్నపాప తన్నేసిందని, ఆరబెడితే పని చేసిందని, అందుకే చెప్పలేదని. నిజాయితీగా రాశారు. ఇంటికి తీసుకెళ్లమన్నది మేమే, నెలాఖరు లెక్కల కోసం. కానీ తడి తగిలితే వెంటనే ఆపేసి చెప్పాలన్నది ఆమె తన చేత్తో ఒప్పుకున్న షరతు. చెప్పి ఉంటే విప్పి శుభ్రం చేయించేవాళ్లం, కీబోర్డు దక్కి ఉండేదేమో. కాబట్టి బాధ్యత ఉంది, పూర్తిగా కాదు.

ఎంత వసూలు చేయాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను: కొన్న ధర అడగడం. కంపెనీల చట్టం 2013 రెండో షెడ్యూలు లాప్‌టాప్‌కి మూడేళ్ల ఆయుష్షు ఇచ్చింది. ఆఖరికి మిగిలే విలువ మామూలుగా 5 శాతం. ₹54,000లో 5 శాతం ₹2,700 పక్కన పెడితే ₹51,300ని 36 నెలలకి పంచితే నెలకి ₹1,425 తరుగు. 20 నెలలకి ₹28,500 పోతే మిగిలిన విలువ ₹25,500. వస్తువు పూర్తిగా పోయినా దీన్ని మించి అడగం. ఒకరు వాడినది ఇంకొకరికి ఇస్తే నెలలు కొన్న రోజు నుంచే లెక్క, అతనికి ఇచ్చిన రోజు నుంచి కాదు. మా పాత టెక్కలి లెక్కలో ఇది అసలు చూడలేదు.

ఇక్కడ వస్తువు పోలేదు, కీబోర్డు మారిస్తే చాలు. శ్రీకాకుళం షాపులో రాతపూర్వక అంచనా ₹4,600. అలాగని ₹4,600 అడిగితే ఆమె పాత కీబోర్డుకి మనం కొత్తది సంపాదించుకున్నట్టు. 36 నెలల్లో 20 అప్పటికే అరిగిపోయాయి. మిగిలిన 16 నెలల వాటా మాత్రమే: ₹4,600 × 16 ÷ 36, అంటే ₹2,044. డైరెక్టరుగారు ‘ఈ లెక్క చట్టంలో ఉందా?’ అన్నారు. లేదు. నష్టాన్ని మించి కోయొద్దన్నది చట్టం. నష్టం ఎంతో ఇలా తేల్చుకున్నది మేం. ఆమె జీతం ₹23,400, అందులో సగం ₹11,700. మన కోత ఆ గీతకి చాలా కిందే ఉంది. నిర్ణయం, కారణం, లెక్క ఒక పేజీలో రాసి గురువారం ఇచ్చాను. ఆమె చదివి, “ఇంతే కదా అండి, నేను ఇరవై వేలు పోతాయనుకుని నిద్రపోలేదు,” అన్నారు. శుక్రవారం వస్తువులు ఇచ్చేసి, కార్బన్ కాపీ రసీదు తీసుకెళ్లారు. కోతల రిజిస్టరులో రాసి, సోమవారం మధ్యాహ్నం మిగతా జీతం వేశాం. పీఎఫ్ పోర్టల్లో ఆమె వెళ్లిన తేదీ కూడా అదే రోజు పెట్టేశాం. వస్తువు ఇవ్వలేదని ఆ తేదీ పెట్టకుండా ఆపే ఆఫీసులున్నాయి. పీఎఫ్ డబ్బుని మన బాకీ కింద జప్తు చేసుకునే హక్కు మనకి లేదు, ఆ తేదీని తాకట్టుగా వాడుకోవడం కూడా సరైన పని కాదు.

రసీదు ఎక్కడ వస్తువు చేతులు మారితే అక్కడే ఇవ్వాలి. పలాసలో పుచ్చుకున్న లాప్‌టాప్ శ్రీకాకుళం వచ్చేసరికి పగిలితే అది ఇక మా బాధ. ఆ ఒక్క నియమం పెట్టాక శాఖల నుంచి వచ్చే బ్యాగుల్లో ఫైళ్ల కట్టలు పెట్టడం దానంతటదే మానేశారు.

ఈ ఫారం పని చేయని చోటు ఒకటుంది: చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు. రాజాంలో ఒక కుర్రాడు ఫోన్‌తో సహా హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎదురుగా కూర్చోబెట్టి రాసుకునే అవకాశమే లేదు. రిజిస్టర్డ్ పోస్టులో రెండు ఉత్తరాలు పంపాం, రెండోదానికి జవాబు రాకపోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. ఆ ఫిర్యాదు కాపీ, ఫారంలోని రెండు ఐఎంఈఐలు పెట్టి కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్లో ఫోన్ బ్లాక్ చేయించాం. కంపెనీ వస్తువు తిరిగివ్వకుండా ఉంచుకుంటే కంపెనీల చట్టం 452వ సెక్షన్ కింద కోర్టుకి వెళ్లొచ్చు. కానీ పాత ఫోన్ కోసం కోర్టు మెట్లెక్కితే వకీలు ఫీజే దాన్ని మించుతుంది. ఆ ఫోన్‌ని పుస్తకాల్లో నష్టం కింద రాసేశాం.

ఛార్జర్ల గొడవ మాత్రం ఇంకా తెగలేదు. శాఖలో ఇద్దరు ముగ్గురు ఒకే ప్లగ్గుకి వంతులు వేసుకుంటారు, సాయంత్రానికి ఎవరిది ఎవరి బ్యాగులోకి వెళ్తుందో తెలియదు. ఛార్జరు మీద అచ్చయిన వాట్లు, వెనక నంబరు ఫారంలో రాస్తున్నాం, అయినా తిరిగొచ్చేసరికి 65 వాట్లది 45 అవుతుంది. నరసన్నపేట అకౌంటెంటు ఒకామె ఇంటి నుంచి ఎర్ర గోళ్లరంగు తెచ్చి తన ఛార్జరుకి రెండు చుక్కలు పెట్టుకున్నారు. ఆమెది ఒక్కటీ ఇప్పటిదాకా మారలేదు. ఈసారి ఫారంలో ‘ఛార్జరు గుర్తు’ అని ఒక గడి కలిపి, శాఖకో రంగు సీసా కొనమని ఇండెంటు పెట్టాను. అకౌంట్స్ వాళ్లు దాన్ని ఏ ఖాతా కింద రాయాలని తిప్పి పంపారు.